పది నిమిషాల గ్రేస్, సగం రోజు కోత

నెలాఖరున జీతం చీటీ చేతికొస్తుంది. కోతల వరసలో ‘ఎల్‌ఓపీ 0.5’ అని ఉంటుంది. సగం రోజు జీతం పోయిందన్నమాట. ఎందుకని టైమాఫీసులో అడిగితే, ‘మూడు లేట్లు దాటితే హాఫ్ డే’ అని జవాబొస్తుంది. ఆ లేట్లన్నీ కలిపి ఎన్ని నిమిషాలో చీటీలో ఉండదు. అడిగినా వెంటనే చెప్పగలిగేవాళ్లు తక్కువ. జీతాల లెక్కలు చూసే పనిలో ఉన్నవాడిగా నాకు ఈ విషయంలో ఒక గట్టి అభిప్రాయం ఉంది. ఆలస్యానికి జీతం కోయడం ఒక పని, ఆలస్యానికి శిక్ష వేయడం మరో పని. ఈ రెంటినీ ఒకే గీతలో కలిపి రాసేసరికి మన ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో లెక్క తప్పుతోంది. గ్రేస్ ఐదు నిమిషాలా, పదిహేనా అనే వాదన దీని తర్వాతే.

చట్టం ఈ రెంటినీ ఎప్పుడో విడదీసింది. బ్రిటిష్ కాలపు మిల్లుల్లో జుర్మానాలకు, కోతలకు అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఒక రోజు రాకపోతే రెండు రోజుల కూలీ పట్టుకునే పద్ధతి కూడా ఉండేది. రాయల్ కమిషన్ ఆన్ లేబర్ 1931లో ఇచ్చిన నివేదిక ఈ సంగతులన్నీ చర్చించింది. ఆ తర్వాత వచ్చిందే 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. పనికి రాని కాలానికి కోత ఎంత ఉండవచ్చో అందులోని 9వ సెక్షన్ చెప్పింది. జుర్మానా ఎంత, ఎలా అన్నది 8వ సెక్షన్ చెప్పింది. రెండూ పక్కపక్కనే ఉన్నా వేర్వేరు సెక్షన్లు. 2019 నాటి వేతన కోడ్ ఇదే విభజనను నిలబెట్టింది. అందులో జుర్మానా 19వ సెక్షన్, గైర్హాజరు కోత 20వ సెక్షన్. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. పాత చట్టం నెలకు 24,000 రూపాయల లోపు వేతనం ఉన్నవాళ్లకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ గీత లేదు. కాబట్టి ఇది మిషను మీద పనిచేసేవాళ్ల సంగతే కాదు, కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగి సంగతి కూడా.

గైర్హాజరు కోత గురించి చట్టం చెప్పేది ఒక్క నిష్పత్తి. ఆ నెలలో మనిషి పనిచేయాల్సిన మొత్తం కాలంలో ఎంత భాగం రాలేదో, జీతంలో అంత భాగం వరకే కోయవచ్చు. అంతకు మించడానికి వీల్లేదు. తక్కువ కోస్తే, అసలు కోయకపోతే అభ్యంతరం లేదు. గ్రేస్ అనేది యాజమాన్యం ఇష్టపూర్వకంగా వదులుకునేది. దానికి చట్టంలో నిమిషాల సంఖ్య ఏదీ లేదు. కోతకు మాత్రం పై హద్దు ఉంది. పాత నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో ఆలస్యం గురించి ఉన్న వాక్యం కూడా, వేళకు రానివాళ్లకు వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం కోత ఉంటుందనే అంటుంది. మూడు లేట్లకు సగం రోజు అని అందులో లేదు.

మరి ఆ మూడు లేట్ల సూత్రం ఎక్కడిది? ప్రభుత్వ కార్యాలయాల సీఎల్ పద్ధతి చూసి ప్రైవేటు వాళ్లు నేర్చుకున్నదని నా అనుమానం. కేంద్ర ప్రభుత్వంలో ఆలస్యమైన ప్రతి రోజుకూ అరరోజు సీఎల్ తగ్గించాలని నిబంధన. గంట లోపు ఆలస్యాన్ని, నెలలో రెండుసార్లకు మించకుండా, కారణం సబబుగా ఉంటే పై అధికారి మన్నించవచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ‘మూడు లేట్లకు ఒక సీఎల్’ అనే మాట ఉద్యోగులందరికీ తెలిసిందే. కానీ అక్కడ పోయేది సెలవు. జీతం పూర్తిగానే వస్తుంది. అదే సూత్రాన్ని తెచ్చి, సీఎల్ లేని కార్మికుడి కూలీకి తగిలిస్తే అది వేతన కోత అవుతుంది. అప్పుడు నిష్పత్తి హద్దు దానికి వర్తిస్తుంది.

ఒక నెల, ఆరు లెక్కలు

లెక్క కళ్లకు కట్టాలంటే ఒక మనిషిని తీసుకోవాలి. జీడిమెట్ల లాంటి చోట ఒక ప్యాకింగ్ యూనిట్ అనుకుందాం. నెల జీతం 15,600 రూపాయలు. ఆ నెలలో పనిదినాలు 26, రోజుకు పని 8 గంటలు. రోజుకు 600, గంటకు 75, నిమిషానికి రూపాయి పావలా పడుతుంది. పని మొదలయ్యేది 9 గంటలకు, గ్రేస్ 10 నిమిషాలు. ఆమె ఆ నెలలో ఎనిమిది రోజులు ఆలస్యంగా వచ్చింది. నిమిషాల్లో వరసగా 7, 9, 12, 4, 18, 11, 26, 3. మొత్తం 90 నిమిషాలు, అంటే గంటన్నర.

నిమిషానికి నిమిషం కోస్తే 112 రూపాయల 50 పైసలు. చట్టం ఒప్పుకునే గరిష్ఠ కోత ఇదే. గ్రేస్ లోపలి రోజులు వదిలేసి, పది దాటిన నాలుగు రోజులను మాత్రం మొదటి నిమిషం నుంచి లెక్కేస్తే 67 నిమిషాలు, 83 రూపాయల 75 పైసలు. ఆ నాలుగు రోజుల్లోనూ మొదటి పది మినహాయించి పైది మాత్రమే పట్టుకుంటే 27 నిమిషాలు, 33 రూపాయల 75 పైసలు. పది దాటిన ప్రతి ఆలస్యాన్నీ అరగంటకు పెంచి లెక్కేసే చోట 120 నిమిషాలు, 150 రూపాయలు. మూడు లేట్లు దాటితే హాఫ్ డే అనే చోట 300 రూపాయలు. గ్రేస్ లోపలి ఆలస్యాలను కూడా లేటుగానే రాసుకుని మూడుకొక హాఫ్ డే కోసే చోట ఎనిమిది లేట్లకు రెండు హాఫ్ డేలు, 600 రూపాయలు.

ఒకే మనిషి, అదే గంటన్నర. కోత 33 రూపాయల నుంచి 600 దాకా ఉంది. మొదటి మూడు పద్ధతులూ హద్దు లోపలే ఉన్నాయి. నాలుగోది 37 రూపాయల 50 పైసలు దాటింది. అరగంటకు పెంచడం చాలా మందికి చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, పని చేసిన నిమిషాలకు కూడా జీతం ఇవ్వకపోవడమే అది. ఐదోది హద్దుకు రెండున్నర రెట్లు దాటింది. ఆమె గంటన్నర రాకపోతే నాలుగు గంటల జీతం తీశారు. తేడాగా మిగిలిన రెండున్నర గంటలూ ఆమె మిషను దగ్గర నిలబడి పనిచేసింది. దీన్ని కోత అనడానికి లేదు. ఇది శిక్షే. శిక్షకు వేరే దారి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

హాఫ్ డే సూత్రం యాజమాన్యానికీ నష్టమే. గ్రేస్ దాటితే సగం రోజు పోతుందని తెలిసిన మనిషి బస్సు దిగేసరికి 9.14 అయితే ఏం చేస్తాడు? పరుగెత్తి 9.20కి లోపలికి వెళ్లినా పోయేది సగం రోజే, భోజనం వేళకు వెళ్లినా పోయేది సగం రోజే. అతను ఇంటికెళ్లిపోయి మధ్యాహ్నం వస్తాడు. ఇరవై నిమిషాల ఆలస్యాన్ని నాలుగు గంటల గైర్హాజరుగా మార్చింది ఆ సూత్రమే. పంచింగ్ రికార్డులో ఇది ఇట్టే కనబడుతుంది. గ్రేస్ గీతకు ముందు పంచ్‌లు ఒత్తుగా ఉంటాయి. గీత దాటాక ఒక ఖాళీ ఉంటుంది. మళ్లీ లంచ్ వేళకు పంచ్‌లు మొదలవుతాయి. మీ యూనిట్ రికార్డులో అలాంటి ఖాళీ ఉంటే, మీ నిబంధనే మనుషులను గేటు బయట ఆపుతోందని అర్థం.

రోజువారీ గ్రేస్‌లో ఉన్న చిల్లు

హాఫ్ డే వదిలేసి, రోజుకు పది నిమిషాలు గ్రేస్, పైన నిమిషాల లెక్క అని పెడితే సరిపోతుందా? చాలా చోట్ల అక్కడే ఆగుతారు. కానీ నెల మొత్తం కూడి చూస్తే ఆ పద్ధతిలో ఉన్న అన్యాయం బయటపడుతుంది.

ఒకరు రోజూ కచ్చితంగా 9.10కి వస్తారు. 26 రోజులకు 260 నిమిషాలు, అంటే 4 గంటల 20 నిమిషాలు. కోత సున్నా. ఇంకొకరు 25 రోజులు 8.55కే వచ్చి, పిల్లకు జ్వరమొచ్చిన ఒక్క రోజు 10.10కి వచ్చారు. పోయింది 70 నిమిషాలు. మొదటి పది మినహాయించినా 60 నిమిషాలకు 75 రూపాయలు కోత. ఎక్కువ కాలం పోగొట్టిన మనిషికి ఏమీ కాలేదు, నాలుగో వంతు మాత్రమే పోగొట్టిన మనిషి డబ్బు కట్టింది. మొదటి మనిషి తప్పు చేశాడని నేను అనను. పది నిమిషాల గ్రేస్ అని బోర్డు మీద రాస్తే, పని మొదలయ్యే వేళ 9 కాదు 9.10 అని అందరూ చదువుకుంటారు. కొన్నాళ్లకు లైను మొత్తం ఆ వేళకే కదులుతుంది.

అందుకే గ్రేస్‌ను రోజుకు కాకుండా నెలకు ఇవ్వాలని నా వాదన. నెల మొత్తానికి ఇన్ని నిమిషాలు అని ఒక ఖాతా పెట్టి, ఆలస్యమైన ప్రతి నిమిషాన్నీ అందులోంచి తీసుకుంటూ పోవడం. ఖాతా ఖాళీ అయ్యాకే కోత మొదలవుతుంది. నెలకు 60 నిమిషాలు అనుకుందాం. మన ప్యాకింగ్ యూనిట్ ఆమెకు 90లో 60 పోగా 30 మిగిలాయి, 37 రూపాయల 50 పైసలు కోత. రోజూ 9.10కి వచ్చే మనిషికి 260లో 60 పోగా 200 నిమిషాలు, 250 రూపాయలు. జ్వరం పిల్ల తల్లికి 10 నిమిషాలు, 12 రూపాయల 50 పైసలు. కోతల వరస ఇప్పుడు పోయిన కాలం వరసలోనే ఉంది. పదకొండో నిమిషానికి విరిగిపడే గీత ఏదీ లేదు కాబట్టి, 9.14కి బస్సు దిగిన మనిషికి ఇంటికెళ్లే కారణమూ లేదు. ఎంత త్వరగా లోపలికి వెళితే అంత మిగులు.

‘అరవై నిమిషాలు ఇస్తే అందరూ అరవై వాడుకుంటారు’ అని మేనేజర్లు అంటారు. వాడుకోనివ్వండి. 26 రోజుల పనికాలం 12,480 నిమిషాలు. అందులో 60 అంటే అర శాతం కూడా కాదు. మనిషికి నెలకు 75 రూపాయల ఖర్చు. రోజుకు పది నిమిషాల గ్రేస్‌లో మీరు ఇస్తున్నది 260 నిమిషాలు, కాగితం మీద రాయలేదు గాని 325 రూపాయలు. అరవై అన్నది శాసనం కాదు. నిబంధన పెట్టే ముందు మూడు నెలల పంచింగ్ తీసి, ఒక్కొక్కరికి నెల మొత్తం ఆలస్యం ఎంతో కూడి, తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చండి. ఎక్కువ మంది ఒక చోట గుమిగూడి ఉంటారు, తర్వాత కొద్దిమంది దూరంగా ఉంటారు. ఆ గుంపు ఎక్కడ అయిపోతుందో అక్కడ ఖాతా హద్దు పెట్టుకోవచ్చు. నగర శివార్లలో షేర్ ఆటోల మీద ఆధారపడ్డ యూనిట్‌కు, క్వార్టర్స్ పక్కనే ఉన్న యూనిట్‌కు ఒకే అంకె కుదరదు.

నెల ఖాతాకు లెక్క కష్టమనుకునేవాళ్లకు ఒక్క సూత్రం చాలు. షీటులో D కాలమ్ నిండా రోజుకు ఎన్ని నిమిషాలు ఆలస్యమో సంఖ్యగా వేసి, B1లో నెల జీతం, B2లో ఆ నెల పనిదినాలు పెడితే:

```
=ROUNDDOWN(MAX(0,SUM(D2:D32)-60)*B1/(B2*480),0)
```

480 అంటే ఎనిమిది గంటల నిమిషాలు. పైన చెప్పిన ఆమెకు ఇది 37 ఇస్తుంది. అర్ధరూపాయి కార్మికురాలి వైపే వదిలేస్తుంది. ఇందులో ముఖ్యమైన సంగతి, సవరింపు నెలకు ఒక్కసారే, అదీ కిందికే. రోజుకోసారి ఐదేసి నిమిషాలకు పెంచుతూ పోతే 12 కాస్తా 15, 11 కాస్తా 15 అవుతాయి. ఆ చిల్లర నెలాఖరుకు పెద్దదవుతుంది.

యంత్రం దగ్గర పోయే నిమిషాలు

ఖాతా ఎంత న్యాయంగా ఉన్నా, అందులోకి వెళ్లే నిమిషాలు తప్పయితే ప్రయోజనం లేదు. ఆలస్యం అని యంత్రం రాసుకున్నవన్నీ ఆలస్యాలు కావు. 200 మంది షిఫ్టుకు గేటు దగ్గర ఒకటే బయోమెట్రిక్ యంత్రం ఉందనుకోండి. మనిషికి నాలుగు సెకన్లు పట్టినా చివరి మనిషి వేలు పెట్టేసరికి 13 నిమిషాల 20 సెకన్లు అవుతుంది. నాలుగు సెకన్లు అన్నది వేలిముద్ర ఒక్కసారికే పడితే. సిమెంటు, నూలు, రసాయనాల పనిలో వేళ్లు అరిగిపోయినవాళ్లకు రెండు మూడుసార్లు తుడిచి పెడితే గాని పడదు. తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే అందరూ వరసలో నిలబడ్డా, తోక భాగం 9.08 దాకా పంచ్ చేస్తూనే ఉంటుంది. ఐదు నిమిషాల గ్రేస్ ఇచ్చామని చెప్పుకునే యాజమాన్యం ఇక్కడ నిజానికి ఏమీ ఇవ్వలేదు. తన యంత్రం తినేసిన కాలంలో కొంత తిరిగిచ్చింది, అంతే.

దీన్ని పోల్చుకోవడం తేలిక. రికార్డులో 8.55 నుంచి 9.08 దాకా పంచ్‌లు నాలుగైదు సెకన్లకు ఒకటి చొప్పున ఎడతెగకుండా పడితే అది క్యూ. ఆలస్యంగా వచ్చేవాళ్ల పంచ్‌లు అలా ఉండవు. చెదురుమదురుగా, మధ్యలో ఖాళీలతో పడతాయి. ఒకే పల్లె రూటు వాళ్లు ముప్పై మంది 9.17, 9.20 మధ్య వరసగా పడితే అది కంపెనీ బస్సు ఆలస్యం. ఆ నిమిషాలు వాళ్ల ఖాతాలో పడకూడదు. రెండు గేట్లలో రెండు యంత్రాలుంటే వాటి గడియారాలు కలుస్తున్నాయో లేదో వారానికోసారి చూడాలి. ఒక గేటు వాళ్లకు రోజూ మూడు నిమిషాలు ఎక్కువ పడుతున్నాయంటే 26 రోజులకు 78 నిమిషాలు. 60 నిమిషాల ఖాతా అంతా గడియారమే మింగేస్తుంది. నేను చూసిన ఒక చోట పడమటి గేటు వాళ్లకే ఎక్కువ లేట్లు పడేవి. వాళ్లంతా బద్ధకస్తులనే పేరు కూడా వచ్చేసింది. తీరా చూస్తే యంత్రం గడియారం ముందుకు నడుస్తోంది. యంత్రాలు పెంచి, పంచింగ్ ముందుగా తెరిచి, గడియారాలు సరిచేశాక మిగిలిందే అసలు ఆలస్యం. ఖాతా దానికే.

షిఫ్టు మార్చే చోట

నెల ఖాతా అన్ని పనులకూ ఒకేలా సరిపడదు. ఆఫీసులో పదిహేను నిమిషాలు ఆలస్యమైతే సాయంత్రం పదిహేను నిమిషాలు ఉండి సరిచేసుకోవచ్చు. అలా ఉండనిస్తే ఆ నిమిషాలు ఖాతాలోంచి తీయనే అక్కర్లేదు. కానీ ఇరవై నాలుగు గంటలూ నడిచే ఫార్మా యూనిట్లో, బాయిలర్ దగ్గర, సెక్యూరిటీ పోస్టులో తర్వాతి మనిషి వచ్చేదాకా ముందు మనిషి కదలడానికి లేదు. ఇక్కడ నా ఆలస్యం ఇంకొకరి కాళ్ల మీద నడుస్తుంది. ఎనిమిది గంటల రాత్రి షిఫ్టు చేసిన మనిషి ఇంకో ఇరవై నిమిషాలు నిలబడతాడు, ఊరి బస్సు పోగొట్టుకుంటాడు. 2025 నవంబర్ దాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకు తొమ్మిది గంటలు గాని, వారానికి నలభై ఎనిమిది గంటలు గాని దాటితే ఓటీకి రెట్టింపు కూలీ ఉండేది. రోజు లెక్కలో ఇరవై నిమిషాలు తొమ్మిది గంటల లోపే పడి ఓటీలోకి రాకుండా పోయేవి. కానీ ఆరు రోజుల వారమైతే 48 గంటలు అప్పటికే నిండి ఉండేవి కాబట్టి, ఆ ఇరవై నిమిషాలు వారం లెక్కలో ఓటీ అయ్యేవి. ఆ లెక్క వేసి ఇవ్వని చోట్లు చాలా ఉండేవి.

ఇలాంటి పోస్టుల్లో గ్రేస్ తగ్గించడం సబబే. కొన్ని పోస్టులకు అసలు ఇవ్వకపోయినా తప్పు పట్టను. అయితే రెండు సంగతులు మరచిపోకూడదు. ఆగిన మనిషికి ఆగిన ప్రతి నిమిషానికీ కూలీ ఇవ్వాలి. ఆ ఓటీ డబ్బును ఆలస్యంగా వచ్చిన మనిషి జీతంలోంచి తీయడానికి వీల్లేదు. అతని కోతకు హద్దు అతను రాని నిమిషాలే. యాజమాన్యానికి అయిన అదనపు ఖర్చు అతని గైర్హాజరు కోతలోకి రాదు.

ఆలస్యానికీ, ఎక్కువ పనికీ ఒకే కొలత ఉండాలన్న దాని గురించి ఇంకో మాట. పొద్దున ఆలస్యాన్ని నిమిషాల్లో కొలిచి, సాయంత్రం ఎక్కువ పనిని మాత్రం ‘అరగంట దాటితేనే ఓటీ’ అని అరగంటల్లో కొలవడం మన దగ్గర మామూలు. బయటి దేశాలు ఈ విషయంలో ఏం చేశాయో ఒక్కసారి చూస్తే మంచిది. అమెరికా సమాఖ్య నిబంధన హాజరు వేళలను ఐదు నిమిషాలకో, పావుగంటకో సవరించుకోనిస్తుంది. కానీ కాలక్రమంలో ఆ సవరింపు పనివాళ్లకు నష్టం చేయకుండా సరితూగాలి. ఎప్పుడూ యజమాని వైపే మొగ్గేలా ఉండకూడదు. జపాన్‌లో నెల మొత్తం ఓటీ కూడాక చివర మిగిలిన అరగంట లోపు ముక్కను వదిలేయవచ్చు, అరగంట దాటిన ముక్కను గంటగా పెంచాలి. రోజుకోసారి అలా కత్తిరించడానికి మాత్రం ఒప్పుకోరు. శిక్షగా జీతం తగ్గిస్తే ఒక్కసారికి సగటు రోజు కూలీలో సగం, మొత్తం మీద ఆ జీతకాలంలో పదో వంతు మించకూడదని వాళ్ల కార్మిక ప్రమాణాల చట్టం 91వ ఆర్టికల్. ఫ్రాన్స్ కార్మిక చట్టం డబ్బు రూపంలో శిక్షనే నిషేధించింది. అక్కడ ఆలస్యానికి రాని కాలం మేరకే కోత. మూడు చోట్లా వివరాలు వేరైనా, రాని కాలం ధరను, శిక్షను విడిగా చూడటం ఒకటే.

భాగహారంలో దాగిన తేడా

నిమిషం ధర ఎంత అన్నది కూడా అనుకున్నంత స్థిరం కాదు. చాలా చోట్ల ఏ నెలకైనా జీతాన్ని 26తో భాగిస్తారు. చట్టం అడిగేది ఆ నెలలో పనిచేయాల్సిన మొత్తం కాలాన్ని. 2025 జూలై చూడండి. 31 రోజులు, నాలుగే ఆదివారాలు. పండుగ సెలవు ఏదీ లేని యూనిట్‌కు పనిదినాలు 27. 15,600ను 27 రోజుల నిమిషాలతో భాగిస్తే నిమిషానికి రూపాయి 20 పైసల చిల్లర. 90 నిమిషాలకు గరిష్ఠ కోత 108 రూపాయల 33 పైసలు. 26తో భాగించి 112 రూపాయల 50 పైసలు కోస్తే హద్దు దాటినట్టే. నాలుగు రూపాయలే కదా అనిపిస్తుంది. మనుషులు వందల్లో ఉంటే, అలాంటి నెలలు ఏడాదికి రెండు మూడు వస్తే అది చిన్న మొత్తం కాదు. పనిదినాలు 24 ఉన్న నెలలో 26తో భాగిస్తే తేడా కార్మికుల వైపే పడుతుంది, దాంతో చిక్కు లేదు. 30తో భాగించే చోటా కోత తక్కువే అవుతుంది. చిక్కల్లా 27 పనిదినాల నెలతోనే.

అలవాటుగా ఆలస్యం చేసేవాళ్ల మాటేమిటి? వాళ్లుంటారు. నెల నెలా ఖాతా దాటుతూ, కోత వేయించుకుంటూ, అయినా వేళకు రాని మనిషి ఉంటే లైను నడిపే సూపర్‌వైజర్ కష్టం నిజమైనదే. అలవాటుగా ఆలస్యం చేయడాన్ని నమూనా స్టాండింగ్ ఆర్డర్లు దుష్ప్రవర్తన కింద చేర్చాయి. దానికి పిలిచి మాట్లాడటం, మెమో, విచారణ, అవసరమైతే శిక్ష. ఆలస్యాల లెక్క ఇక్కడ పనికొస్తుంది. నెలలో ఎన్నిసార్లు అన్నది క్రమశిక్షణకు కొలమానం, ఎన్ని నిమిషాలు అన్నది జీతానికి కొలమానం. జుర్మానాయే వేయాలంటే దానికీ పద్ధతి ఉంది. ఏ తప్పులకు జుర్మానా ఉంటుందో ప్రభుత్వం ఆమోదించిన జాబితా నోటీసు బోర్డు మీద ఉండాలి. మనిషిని పిలిచి సంజాయిషీ అడగాలి. మొత్తం ఆ జీతకాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు. మన ఉదాహరణలో అది 468 రూపాయలు. విడతలుగా వసూలు చేయకూడదు, తప్పు జరిగిన 90 రోజుల తర్వాత వసూలు చేయకూడదు. రిజిస్టర్‌లో రాయాలి. వసూలైన డబ్బు కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి, కంపెనీ ఖాతాలో కలపకూడదు. మూడు లేట్ల హాఫ్ డేలో వీటిలో ఒక్కటీ ఉండదు. సంజాయిషీ అడగరు, రిజిస్టర్‌లో రాయరు, డబ్బు కంపెనీకే మిగులుతుంది. నేను ఆ పద్ధతిని తప్పుపట్టేది అందుకే.

ఇదంతా కార్మికుల కంటికి కనబడేలా చేసేది జీతం చీటీ. ‘ఎల్‌ఓపీ 0.5’ బదులు నాలుగు అంకెలు చాలు: ఆలస్యమైన నిమిషాలు 90, నెల మినహాయింపు 60, కోత నిమిషాలు 30, కోత 37 రూపాయలు. వారానికోసారి ఎవరి నిమిషాలు వాళ్లకు తెలిసేలా ఒక కాగితం అందించి, తప్పుంటే చెప్పడానికి రెండు రోజుల వ్యవధి ఇస్తే నెలాఖరు గొడవల్లో చాలా భాగం రావు. పడమటి గేటు గడియారం సంగతి కూడా ఒక వారంలోనే బయటపడి ఉండేది.

టైమాఫీసులో, హెచ్‌ఆర్‌లో పనిచేసేవాళ్లకు నా విన్నపం ఒకటే. వచ్చే నెల జీతాలు వేసే ముందు, హాఫ్ డే కోత పడిన ప్రతి మనిషికీ ఆ నెల ఆలస్యం మొత్తం ఎన్ని నిమిషాలో ఒకసారి కూడి చూడండి. కోసిన కాలం ఆ మొత్తాన్ని దాటితే ఆ తేడా తిరిగి ఇవ్వండి. చీటీ అందుకునేవాళ్లు అడగవలసిందీ అదే అంకె. అడిగినా సరిచేయకపోతే, వేతన కోడ్ కింద క్లెయిము తలెత్తిన తేదీ నుంచి మూడేళ్ల లోపు అధికారి దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు.